పాలు ఆపిన వారం, అన్నం ఆపిన రెండు రోజులు

మా తమ్ముడి కొడుక్కి నాలుగేళ్లు. పోయిన శీతకాలం మొదట్లో వాడికి జలుబు చేసి, ఛాతీలో గురగురమని చప్పుడు మొదలైంది. మరదలు ఫోన్ చేసి, "పాలు పూర్తిగా మాన్పించేశాం వదినా" అంది. ఎందుకమ్మా అని అడిగాను. "నిన్న రాత్రి పడుకోబోయే ముందు గ్లాసు పాలు తాగాడు. అరగంటకి దగ్గు తెర వచ్చి అంతా కక్కేశాడు. పాలన్నీ కఫమై బయటికొచ్చాయి. తీగలు తీగలుగా సాగుతోంది. నా కళ్లతో చూశాను."

నేను ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేస్తాను. రోగులకి ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి అని చూడటమే పదిహేడేళ్లుగా నా ఉద్యోగం. పాలు తాగితే కఫం పెరుగుతుందన్న మాట నాకు చెప్పని తల్లి లేదు. అయినా మరదలి మాటని "మూఢనమ్మకం" అని నేను తోసేయలేను. ఆమె చూసింది నిజమే. తప్పల్లా చూసినదానికి చెప్పుకున్న కారణంలో ఉంది.

చిన్నపిల్లలకి కళ్లె ఉమ్మేయడం చేతకాదు. ముక్కులోంచి గొంతులోకి జారిన చీమిడీ, దగ్గినప్పుడు పైకి వచ్చిన కళ్లే అన్నీ మింగేస్తారు. జలుబు చేసిన పిల్లాడి పొట్టలో సాయంత్రానికి అది చాలానే చేరుతుంది. దాని మీద గ్లాసు పాలు పడ్డాయి. పొట్టలోని ఆమ్లానికి పాలు పది నిమిషాల్లో విరగడం మొదలవుతాయి. అది జబ్బు కాదు, పాలు అరగడంలో మొదటి మెట్టే అది. ఇంతలో దగ్గు తెర వచ్చి పొట్ట మీద ఒత్తిడి పడింది, వాడు కక్కాడు. విరిగిన పాలూ, మింగిన కళ్లే కలగలిసి తెల్లగా, జిగురుగా సాగుతూ బయటికొచ్చాయి. పాలు కఫంగా మారలేదు, ముందే పొట్టలో ఉన్న కఫాన్ని వెంటబెట్టుకుని వచ్చాయి. వాడు పాలు తాగకుండా చారన్నం తిని కక్కి ఉంటే అందులోనూ అదే జిగురు కనపడేది. అప్పుడు ఎవరూ చారు కఫం చేసిందని అనరు. చారు తెల్లగా ఉండదు కదా.

అసలు కఫం ఎక్కడ తయారవుతుందో చూస్తే సగం అనుమానం తీరిపోతుంది. ముక్కు లోపలి పొరలోనూ, ఊపిరి గొట్టాల గోడల్లోనూ ఉండే సన్నటి కణాలూ గ్రంథులూ దాన్ని తయారుచేస్తాయి. ఒంట్లో ఏ జబ్బూ లేనప్పుడు కూడా అవి పనిచేస్తూనే ఉంటాయి, మనం తెలియకుండానే మింగుతూనే ఉంటాం. వైరస్ చేరి ఆ పొర వాచినప్పుడు ఉత్పత్తి పెరుగుతుంది. మూడు నాలుగు రోజులకి చీమిడి పచ్చగా, చిక్కగా మారడానికి కారణం అక్కడికి పోట్లాటకి వచ్చిన తెల్ల రక్తకణాలూ వాటిలోని ఎంజైములూ. తాగిన పాలు ఈ దారిలోకే రావు. అవి పొట్టలోకీ పేగుల్లోకీ పోయి, ముక్కలుగా అరిగి రక్తంలో కలుస్తాయి.

ఇదంతా పుస్తకంలో మాట, మనిషి మీద చూశారా అని అడగవచ్చు. చూశారు. ఆస్ట్రేలియాలో చేసిన ఒక పరీక్ష ఫలితం 1990లో అచ్చయింది. ఆరోగ్యంగా ఉన్న 60 మందికి కావాలనే జలుబు వైరస్ ఎక్కించారు. వాళ్లని పాలు తాగమనీ చెప్పలేదు, మానమనీ చెప్పలేదు. ఎవరు రోజుకి ఎన్ని గ్లాసులు తాగారో పది రోజులు రాసుకున్నారు. అసలు ముట్టని వాళ్ల దగ్గర్నుంచి 11 గ్లాసులు తాగిన వాళ్ల దాకా ఉన్నారు. వాళ్లు ముక్కు చీదిన కాగితపు రుమాళ్లన్నీ పోగుచేసి తూకం వేశారు. నాకు ఈ పరీక్షలో బాగా నచ్చింది ఆ తూకమే. "నీకెలా ఉంది" అని అడిగితే మనసు జవాబు చెబుతుంది, త్రాసుకి ఎవరి నమ్మకంతోనూ పని లేదు. పాలు ఎక్కువ తాగిన వాళ్ల చీమిడి ఎక్కువ తూగలేదు. ఇంకొక సంగతి కూడా బయటపడింది. పాలకి కఫం వస్తుందని ముందే నమ్మిన వాళ్లు దగ్గూ దిబ్బడా ఎక్కువగా ఉన్నాయని చెప్పారు. వాళ్ల రుమాళ్లు మాత్రం మిగతా వాళ్లకన్నా బరువు తూగలేదు.

మరి పాలు తాగాక గొంతులో అడ్డం పడినట్టు, పూత పూసినట్టు ఉంటుందే, అదంతా భ్రమేనా అని మా ఆసుపత్రిలో ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. భ్రమ కాదు. పాలంటే నీళ్లలో సన్నటి కొవ్వు బిందువులు తేలే ద్రవం. అది నోట్లో లాలాజలంతో కలవగానే ఆ బిందువులు ఒకదానికొకటి అంటుకుని చిన్న గుంపులు కడతాయి. లాలాజలం చిక్కబడుతుంది, నాలుక మీదా గొంతులోనూ పల్చటి పొర నిలుస్తుంది. జలుబు రోజుల్లో గొంతు ఎలాగూ వాచి, ఎండి ఉంటుంది కాబట్టి ఆ పొర ఇంకా బరువుగా తోస్తుంది. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పాలు తాగి, గొంతు చిక్కబడినట్టు అనిపించగానే అర గ్లాసు గోరువెచ్చని నీళ్లు తాగండి. నిమిషంలో పోయిందంటే అది పాలపొర. ఊపిరి గొట్టంలో ఊరిన కళ్లె నీళ్లు తాగినంత మాత్రాన పోదు. ఆ ఆస్ట్రేలియా పరిశోధకులే తర్వాత ఆవుపాలనీ సోయా పానీయాన్నీ రుచి తెలియకుండా చేసి, ఏది ఏదో చెప్పకుండా జనానికి ఇచ్చి చూశారు. గొంతులో పూతలాగా ఉందనీ, లాలాజలం చిక్కబడిందనీ రెండు రకాలు తాగిన వాళ్లూ చెప్పారు. పాలచుక్క లేని పానీయానికీ అదే అనుభవం వచ్చింది.

ఎదురు సాక్ష్యం ఒకటుంది, అది దాచడం నాకిష్టం లేదు. ఎప్పుడూ గొంతులో కఫం ఆడుతున్నట్టుంటుందని బాధపడే 108 మందితో చేసిన పరీక్ష ఒకటి 2019లో వచ్చింది. అందరి చేతా పాలు, పాలతో చేసినవి మాన్పించి, తర్వాత కొందరికి ఆవుపాలు, కొందరికి సోయా పాలు ఇచ్చారు. పాలు లేని వాళ్లు తమకి కఫం తగ్గిందన్నారు. అయితే అక్కడ కొలత వాళ్లు చెప్పిన మాటే, తూకం కాదు. పైగా వాళ్లది వారంలో పోయే జలుబు కాదు, ఏళ్ల తరబడి ఉన్న బాధ. అలాంటి పెద్దవాళ్లు నా దగ్గరికి వస్తే, రెండు వారాలు పాలు మాని చూడమనే చెబుతాను. తేడా తెలిస్తే మానేయవచ్చు. పెద్దవాళ్లకి మాంసకృత్తులూ కాల్షియమూ ఇంకోచోట దొరుకుతాయి. పసిబిడ్డల్లో కొందరికి ఆవుపాల మాంసకృత్తులకే అలర్జీ ఉంటుంది, అది నిజమైన జబ్బు. పాలు తాగిన కాసేపటికే ఒంటి మీద దద్దుర్లు, పెదవుల వాపు, పిల్లికూతలు కనపడతాయి, లేదా తర్వాత గంటల్లోనో రోజుల్లోనో విరేచనంలో రక్తం కనపడుతుంది. అది జలుబు ఉన్నా లేకున్నా, పాలు తాగిన ప్రతిసారీ తలెత్తే సంగతి. పిల్లల డాక్టరు చూసి తేల్చాల్సింది.

నాకు బెంగంతా నాలుగేళ్ల పిల్లాడి గురించే. బడికి కొత్తగా వెళ్లే పిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు రావడం మామూలే. ఒక్కొక్కటీ వారం, పది రోజులు. జలుబు చేసిన రోజు పాలు ఆపి, కఫం పూర్తిగా పోయాక మళ్లీ మొదలుపెడదాం అనుకుంటే ఏడాదిలో రెండు నెలల పైన ఆ పిల్లాడికి పాలు లేవు. పెరుగు కూడా చలవే కదా, అదీ లేదు. గుడ్డు వేడి అంటారు, కాబట్టి అదీ ఆపుతారు. అరటిపండు సరేసరి. మా వాడు అన్నం నాలుగు ముద్దలకన్నా తినడు. రోజుకి రెండు గ్లాసుల పాలు తాగుతాడు. ఆ రెండు గ్లాసుల్లో 12, 13 గ్రాముల మాంసకృత్తులున్నాయి, వాడి వయసుకి రోజంతా కావలసిన దాంట్లో అది పెద్ద వాటా. జబ్బు చేసి ఎలాగూ తిండి తగ్గిన వారంలోనే మనం దాన్ని తీసేస్తున్నాం. ఇందుకే మరదలితో ఆ రోజు అరగంట మాట్లాడాను.

"మరి పసుపు పాలు ఇవ్వొచ్చా వదినా? అవి కఫం కోస్తాయి కదా" అని అడిగింది. మన ఇళ్లలో ఈ రెండు మాటలూ ఒకే పొయ్యి మీద ఉడుకుతాయి. పాలు కఫం చేస్తాయి, పసుపూ మిరియాలూ వేసిన పాలు కఫాన్ని కోస్తాయి. పెద్దవాళ్లు జలుబున్న వారమంతా పూటపూటా పాలు పోసిన టీ తాగుతూనే ఉంటారు. నేను సరే అన్నాను. పాలు లోపలికి పోవడం నాకు ముఖ్యం. వేడిగా, కొద్దికొద్దిగా, పడుకోవడానికి గంట ముందే ఇవ్వమన్నాను. నిండు గ్లాసు తాగించి వెంటనే పడుకోబెడితే దగ్గుకి కక్కడం ఖాయం. అది పాల వల్ల కాదు, పొట్ట నిండటం వల్ల.

ఇంకొకటి కూడా చెప్పాను. పాలవైపు కాదు, ఊపిరివైపు చూడు. పిల్లాడు ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, గడియారం పెట్టుకుని నిండుగా ఒక నిమిషం ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టు. ఏడాది నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకి నిమిషానికి 40 గానీ అంతకన్నా ఎక్కువగానీ ఉంటే, రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్లకి 50 గానీ అంతకన్నా ఎక్కువగానీ ఉంటే, లేదా ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద డొక్క లోపలికి పోతుంటే అది నెమ్ము కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. తల్లిపాలు తాగే బిడ్డకైతే పాలు ఆపే మాటే వద్దు. ముక్కు దిబ్బడ వేసి పట్టుకోలేకపోతుంటే పాలిచ్చే ముందు సెలైన్ చుక్కలు ముక్కులో వేసి, తుడిచి, తక్కువ తక్కువగా ఎక్కువసార్లు పట్టాలి. అప్పటికీ బిడ్డ అసలు తాగలేకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంతా తెలిసిన నేను, అదే శీతకాలంలో మా నాన్న విషయంలో ఆలస్యంగా మేలుకున్నాను.

మా నాన్నకి 71 ఏళ్లు. పద్నాలుగేళ్లుగా షుగరు ఉంది. పొద్దున్నే టిఫినుకి ముందు గ్లిమిపిరైడ్ మాత్ర, తిన్నాక మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు. ఊళ్లో అమ్మతో ఉంటారు. జనవరిలో జ్వరం వచ్చింది, 102 ఉంది, ఒళ్లునొప్పులూ జలుబూ కూడా. మా ఇంట్లో జ్వరానికి మొదటి మందు లంఖణం. "లంఖణం పరమౌషధం" అనే మాట మా నాయనమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో. ఆమె కాలంలో అన్నం పెట్టకుండా, గంజినీళ్ల మీద రోజులకి రోజులు ఉంచి, జ్వరం దిగాక ఒక మంచిరోజు చూసి బీరకాయ కూరతోనో చారుతోనో పథ్యం పెట్టేవారట. నాన్న రెండు రోజులు రెండు పూటలా కాఫీ తప్ప ఏమీ ముట్టలేదు. "నోరు చేదుగా ఉందమ్మా, లంఖణమే మంచిది" అని ఫోనులో అన్నారు. నేను నీళ్లు బాగా తాగమన్నాను, పారాసిటమాల్ వేసుకోమన్నాను. షుగరు మాత్ర సంగతి అడగలేదు. రెండు రోజులూ ఆయన దాన్ని నియమం తప్పకుండా పరగడుపున వేసుకున్నారు. మందు మానకూడదని మేమే కదా ఆయనకి నూరిపోసింది.

మూడో రోజు తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ ఫోన్. గొంతులో కంగారు లేదు, తేలికపడ్డట్టు ఉంది. "జ్వరం దిగుతోందే. ఒళ్లంతా చెమటలు పడుతున్నాయి, బనీను తడిసిపోయింది. కాకపోతే నిద్రలో ఏదో మాట్లాడుతున్నారు, పొలం గట్టు తెగిందంటున్నారు." మా పొలం అమ్మి పదేళ్లయింది. "లేపమ్మా, పేరు అడుగు" అన్నాను. అమ్మ పేరు చెప్పలేకపోయారు. చేతులు వణుకుతున్నాయట. నుదురు మీద చెయ్యి వేస్తే చల్లగా ఉందట.

ఈ రెండు చెమటల తేడా ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి. జ్వరం దిగేటప్పుడు పట్టే చెమటకి మనిషి తేటపడతాడు, నీళ్లడుగుతాడు, దుప్పటి తీసేస్తాడు, మాట తిన్నగా ఉంటుంది. షుగరు పడిపోయినప్పుడు పట్టేది చల్లటి చెమట. దానితోపాటు వణుకు, గుండెదడ, తడబాటు, పొంతన లేని మాటలు. షుగరు మాత్రలు వేసుకునే మనిషి జ్వరంలో తినకుండా ఉండి చెమటలు పట్టి మాట తేడాగా వస్తే, జ్వరం దిగిందని సంతోషించకుండా వేలికి సూది గుచ్చి చూడాలి. అమ్మ చేత చూపించాను. 48 ఉంది. 70కి కిందకి వస్తేనే ప్రమాదం.

మింగగలుగుతున్నారా అని అడిగి, కూర్చోబెట్టించి, మూడు చెంచాల పంచదార అర గ్లాసు నీళ్లలో కలిపి గుక్క గుక్కగా తాగించమన్నాను. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పావుగంట తర్వాత 76. నాన్న, "ఏమిటీ హడావిడి" అన్నారు. ఆ గొంతు విని ఇక్కడ నేను కుర్చీలో కూలబడ్డాను. అక్కడితో అయిపోలేదు. గ్లిమిపిరైడ్ పని ఒక్క రోజంతా ఉంటుంది, అది క్లోమాన్ని ఇన్సులిన్ విడుదల చేయమని పోరుతూనే ఉంటుంది. తిండి లేని ఒంట్లో షుగరు మళ్లీ పడుతుంది. అందుకే పక్కింటి వాళ్ల కారులో దగ్గరి టౌనులో ఆసుపత్రికి పంపించాను. అక్కడ పదింటికి మళ్లీ 61కి దిగింది. మర్నాడు దాకా ఉంచి, గంటగంటకీ చూసి పంపారు.

లంఖణం మీద నాకు కోపం వచ్చిన మాట నిజం. ఆ కోపంతోనే మూలం ఏమిటో చూద్దామని వెతికాను. చరక సంహిత చికిత్సాస్థానంలో జ్వర ప్రకరణం ఉంది. అక్కడ జ్వరానికి మొదట లంఘనమే చెప్పిన మాట వాస్తవం. అదే శ్లోకంలో, ఎవరికి చేయకూడదో కూడా ఉంది. ఒళ్లు క్షీణించి వచ్చిన జ్వరం, వాతం వల్ల వచ్చింది, భయం వల్ల, దుఃఖం వల్ల, శ్రమ వల్ల వచ్చింది అయితే వద్దని చెప్పాడు. వెనువెంటనే ఇంకో మాట, ప్రాణానికి విరోధం కాకుండా చేయించాలి, ఆరోగ్యం నిలిచేది బలం మీదే, ఈ చికిత్స అంతా ఆ బలం కోసమే అని. లంఘనం తర్వాత జావలు, గంజులు. జ్వరం పాతబడితే ఇక పాలే దానికి గొప్ప శమనం అని అక్కడే ఉంది. కఫం చేస్తాయని మనం ఆపే పాలే. వందల ఏళ్లు నోటికీ చెవికీ మధ్య తిరిగేసరికి మొదటి మాట మిగిలింది, షరతులన్నీ రాలిపోయాయి.

ఇంగ్లీషు వాళ్లకీ ఇలాంటి సామెతే ఉంది. జలుబుకి తిండి పెట్టు, జ్వరాన్ని పస్తు పెట్టు అంటారు. వాళ్ల వైద్యులు కూడా 19వ శతాబ్దంలో జ్వరం రోగుల్ని కడుపు మాడ్చి, రక్తం తీసి వైద్యం చేసేవారు. డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ అనే వైద్యుడు దీన్ని ఎదిరించాడు. వారాల తరబడి సాగే టైఫస్ జ్వరాల్లో రోగులు జబ్బుతోపాటు ఆకలితోనూ చచ్చిపోతున్నారని అతను తన వార్డులో చూశాడు. తిండి పెట్టించాడు, కోలుకున్నారు. తన సమాధి మీద ఏం రాయాలో తెలియకపోతే "అతను జ్వరాలకి తిండి పెట్టాడు" అని రాయండి అని సహచరుడితో అన్నాడట. థైరాయిడ్ జబ్బు ఒకదానికి ఇప్పటికీ అతని పేరే ఉంది. ఆయన ఆశపడిన పేరు మాత్రం ఇది.

గ్రేవ్స్ కంటితో చూసినదాన్ని న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో వారెన్ కోల్‌మన్, యూజీన్ డుబోయ్ 1910ల్లో లెక్కకట్టారు. టైఫాయిడ్ రోగుల్ని వేడి కొలిచే గదిలో ఉంచి ఒళ్లు ఎంత ఖర్చు చేస్తోందో చూశారు. ఒంటి వేడి ఒక్క సెంటిగ్రేడ్ డిగ్రీ పెరిగితే ఖర్చు సుమారు 13 శాతం పెరుగుతుందన్న లెక్క డుబోయ్‌దే. మా నాన్న మీద వేసి చూశాను. మంచం మీద ఊరికే పడుకున్నా ఆయన ఒంటికి రోజుకి 1500 కేలరీలు కావాలనుకుందాం. 102 జ్వరమంటే మామూలు కన్నా రెండు సెంటిగ్రేడ్ డిగ్రీలు ఎక్కువ, అంటే ఖర్చు 1900 దాకా పోతుంది. ఆ రోజు లోపలికి పోయింది రెండు కాఫీలు, 150 కూడా ఉండవు.

మిగతాది ఎక్కడినుంచి వస్తుందనేదే అసలు విషయం. కాలేయంలో దాచుకున్న చక్కెర ఒక్క రోజులో అయిపోతుంది. ఆరోగ్యంగా ఉండి ఉపవాసం చేసే మనిషికి రెండు మూడు రోజుల్లో ఒళ్లు సర్దుకుని కొవ్వుని ఎక్కువగా వాడుకుంటుంది, కండని కాపాడుకుంటుంది. జ్వరంలో ఆ సర్దుబాటు సరిగా జరగదు. వాపు రసాయనాలు కండ కరగడాన్ని ఆగనివ్వవు. అందుకే ఏకాదశి ఉపవాసానికీ జ్వరంలో లంఖణానికీ పోలిక లేదు. రెండు రోజుల వైరల్ జ్వరంలో తినకపోయినా గట్టి మనిషికి ఏమీ కాదు, తర్వాత తిని పూడ్చుకుంటాడు. మూడు వారాల టైఫాయిడ్‌లో తినకపోతే లేచి నిలబడటానికి కాళ్లలో కండ ఉండదు. మందు లేని రోజుల్లో టైఫాయిడ్‌కి తిండి ఆపడానికి ఒక కారణం లేకపోలేదు, పేగులో పుళ్లు పడి రంధ్రం పడుతుందన్న భయం. ఆ భయానికి జవాబు మెత్తటి తిండి, పస్తు కాదు. కోల్‌మన్ తన రోగులకి పాలు, మీగడ, పాలచక్కెర, గుడ్లు ఇచ్చి రోజుకి 4000 కేలరీల దాకా తీసుకెళ్లాడు. జ్వరం రోగికి, అదీ పాలు!

ఇప్పుడు లంఖణానికి సైన్సు సాక్ష్యం దొరికిందని ఒక సందేశం ఫోన్లలో తిరుగుతుంటుంది. దానికి మూలం 2016లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకల మీద చేసిన పని. ఒకరకం బ్యాక్టీరియా ఎక్కించిన ఎలుకలు తిండి మానేశాయి. బలవంతంగా గొట్టంతో గ్లూకోజు పోస్తే చచ్చిపోయాయి. ఫ్లూ వైరస్ ఎక్కించిన ఎలుకలకి పోస్తే ఎక్కువ బతికాయి. ఇది మంచి పని, కాదనను. దాన్ని మన గడపలోకి తెచ్చుకుంటే మాత్రం ఎక్కడ పెట్టాలి? ఫ్లూ వచ్చిన మనిషికి జలుబూ ఉంటుంది, 103 జ్వరమూ ఉంటుంది. సామెత ప్రకారం తిండి పెట్టాలా, ఆపాలా? మా నాన్నకి ఉన్నదీ అదే, జలుబూ జ్వరమూ కలిసి. ఆ పరీక్ష నుంచి నేను తీసుకునేది ఒకటే. ఆకలి లేని రోగికి బలవంతంగా కుక్కవద్దు. అడిగిన రోగికి కాదనవద్దు.

మన దగ్గర ఇంకో జత ఉంది. అన్నం ఆపి, నీరసం వచ్చిందని సెలైన్ పెట్టించుకుంటారు. గ్లూకోజు కలిపిన అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, 85 కేలరీలు. రెండు చిన్న ఇడ్లీల పాటి. ఉప్పు సెలైన్‌లో అదీ లేదు. వాంతులతో నీళ్లు కూడా నిలవని మనిషికీ, డెంగీలో రక్తపోటు పడిపోతున్న మనిషికీ ఆ సీసా ప్రాణం పోస్తుంది. నోటితో జావ తాగగలిగే మనిషికి అది ఖర్చు మాత్రమే.

ఆసుపత్రిలో ఆ సాయంత్రం నాన్నకి రెండు బ్రెడ్డు ముక్కలూ గ్లాసు పాలూ ఇచ్చారు. నేను అప్పటికి చేరుకున్నాను. అమ్మ పాలగ్లాసు చేత్తో అడ్డుకుని, "జలుబు కూడా ఉందే ఆయనకి, పాలేమిటి?" అంది. ఒక మంచం దగ్గర రెండు నమ్మకాలూ కలిసి నిలబడ్డాయి. పక్కన కూర్చుని అమ్మకి రుమాళ్ల తూకం సంగతి చెప్పాను. ఆమె నమ్మిందో లేదో గానీ చెయ్యి తీసింది. నాన్న తాగారు. తర్వాత అర గ్లాసు వేడినీళ్లు ఇచ్చి, "గొంతు ఎలా ఉంది?" అని అడిగాను. "బాగానే ఉంది" అన్నారు.

డిశ్చార్జి రోజు డాక్టరుగారిని అడిగి ఒక కాగితం రాయించుకున్నాను. తినలేని రోజున ఏ మాత్ర ఆపాలి, ఏది సగం వేయాలి, షుగరు ఎన్ని గంటలకొకసారి చూడాలి, ఎంత ఉంటే ఫోన్ చేయాలి. ఇది ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది, అందుకే మా కాగితంలోని లెక్కలు ఇక్కడ రాయడం లేదు. చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ మీద ఉన్న వాళ్లయితే తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు, మోతాదు మారుతుందంతే. మీ ఇంట్లో షుగరు మాత్రలు వేసుకునే పెద్దవాళ్లుంటే, ఒంట్లో బాగున్న రోజునే వెళ్లి ఈ కాగితం రాయించి తెచ్చుకోండి.

కింద నేను రాసిచ్చింది తిండి సంగతి. రెండు గంటలకొకసారి ఏదో ఒకటి, పావు గ్లాసైనా సరే. నూక జావ, సగ్గుబియ్యం జావ, పల్చటి మజ్జిగలో ఉప్పు, మెత్తని ఇడ్లీ ఒకటి, పెసరపప్పు కట్టు, పాలు. నోరు చేదుగా ఉంటే నిమ్మకాయ ఊరగాయ ముక్క నాలుకకి రాసుకోవచ్చు. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలలేదని. జ్వరం దిగాక వారం, పది రోజులు మామూలు కన్నా ఒక పూట ఎక్కువ.

ఆ కాగితం ఇప్పుడు మా ఊరి ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద అతికించి ఉంది. ఆగస్టులో నాన్నకి మళ్లీ జ్వరం వచ్చింది. పొద్దున ఆరున్నరకి ఫోన్ మోగింది. "అమ్మా, సగం గ్లాసు జావ తాగాను, ఇడ్లీ తినబుద్ధి కావడం లేదు. షుగరు 118 ఉంది. మాత్ర చేతిలో పట్టుకుని కూర్చున్నాను" అన్నారు. కాగితంలో ఏముందో చదవమన్నాను. కళ్లజోడు వెతుక్కున్న చప్పుడు వినపడింది.